ముక్కు కారని జ్వరం జలుబు కాదు

వానాకాలపు జలుబు, ఫ్లూలపై అపోహలు: ఒక వైద్యుని రేడియో ప్రసంగ పాఠం



జూన్ నెలలో నైరుతి ఋతుపవనాలు ముంబయిని చేరిన కొద్ది రోజులకే మునిసిపల్ దవాఖానాల ముందు వరుసలు పెరుగుతాయి. పాలమూరు నుండి వచ్చిన తాపీమేస్త్రీలు, కామాఠీపురాలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలవారు, మిల్లుల కాలంలో వచ్చి వర్లీ, పరేల్ చాళ్ళలో నిలిచిపోయిన నేతపనివారి మనుమలు ఆ వరుసల్లో కనిపిస్తారు. వారిలో చాలామంది వైద్యునితో చెప్పే మాట ఒకటే: “వానలో తడిశాను, జలుబు చేసింది, జ్వరం వచ్చింది.”

ఈ చిన్న వాక్యంలో మూడు వేర్వేరు విషయాలున్నాయి. తడవడం ఒక సంఘటన. జలుబు ఒక జబ్బు. జ్వరం అనేక జబ్బులకు ఉమ్మడిగా ఉండే లక్షణం. ఈ మూడింటినీ ఒకే దారంతో ముడివేయడమే వానాకాలంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. మామూలు జలుబుకు అక్కరలేని మందులు మింగడం, అసలైన జబ్బుకు అందవలసిన వైద్యం ఆలస్యం కావడం, రెండూ ఈ ముడి నుండే పుడుతున్నాయి.

ఈ విషయం స్పష్టం కావడానికి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న ఒకే గది. అందులో తాపీపని చేసే తండ్రి, తల్లి, ఎనిమిదేళ్ళ కూతురు, మధుమేహానికి మాత్రలు వాడుతున్న నాయనమ్మ ఉంటారు. జూలై నెలలో ఒకే వారంలో ఆ ఇంట ముగ్గురు మంచం పట్టారు. ముగ్గురిదీ ఒకే జబ్బని, అది వాన తెచ్చిన జలుబేనని ఇంటివారు అనుకున్నారు. నిజానికి ఆ గదిలో ఉన్నవి మూడు వేర్వేరు జబ్బులు.

కూతురికి వచ్చినది నిజమైన జలుబు

మొదట జబ్బుపడినది కూతురు. బడి నుండి తడిసి వచ్చిన సాయంత్రమే తుమ్ములు మొదలయ్యాయి. మరునాటికి ముక్కు నీళ్ళలా కారింది, గొంతు గరగరలాడింది, ఒళ్ళు కొద్దిగా వెచ్చబడింది. మూడవ రోజుకు చీమిడి చిక్కబడి పసుపుపచ్చగా మారింది. ఆ తరువాత క్రమంగా తగ్గుతూ వచ్చి, వారం దాటాక దగ్గు మాత్రమే మిగిలింది.

ఇది జలుబు నడిచే మామూలు దారి. పడిశం, రొంప, సర్ది అని ఏ పేరుతో పిలిచినా దీనికి కారణం వైరస్‌లే. రైనోవైరస్ అనే ఒక్క జాతిలోనే నూట అరవైకి పైగా రకాలున్నాయి. ఒక రకానికి శరీరం రక్షణ సంపాదించుకున్నా మరొక రకం వస్తుంది. అందువల్లనే పిల్లలకు ఏడాదిలో ఎన్నోసార్లు జలుబు చేస్తుంది. దాన్ని బలహీనతగా భావించి బెంగపడవలసిన పని లేదు.

మరి వాన సంగతి ఏమిటి? రైనోవైరస్ శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. తడిసి వచ్చిన సాయంత్రమే తుమ్ములు మొదలైతే, వైరస్ అంతకుముందే లోపల చేరి ఉన్నదని అర్థం. ఆ పాపకు అది బహుశా తరగతి గదిలో పక్కన కూర్చున్న బిడ్డ నుండి అంటి ఉంటుంది. మహారాష్ట్రలో వేసవి సెలవుల తరువాత బడులు జూన్ మధ్యలో తెరుస్తారు. వానలూ అప్పుడే మొదలవుతాయి. జల్లు లోపలికి రాకుండా బడిలోనూ, లోకల్ రైలులోనూ, ఇంట్లోనూ కిటికీలు మూస్తారు. ఒకరు విడిచిన గాలినే మరొకరు పీలుస్తారు. వాన వైరస్‌ను తీసుకురాదు. మనుషులను తలుపులు మూసిన గదుల్లోకి చేరుస్తుంది. జలుబు అక్కడ పంచుకోబడుతుంది.

ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు నేరుగా పరీక్షించి చూశారు. ఇంగ్లండులోని సాల్స్‌బరీ పట్టణం దగ్గర 1946లో జలుబు పరిశోధన కోసమే ఒక కేంద్రం వెలసింది. 1933లో మనిషిలోని ఫ్లూ వైరస్‌ను కనుగొన్న ముగ్గురిలో ఒకరైన క్రిస్టొఫర్ ఆండ్రూస్ దానికి నాయకత్వం వహించాడు. అక్కడ స్వచ్ఛందంగా వచ్చినవారిని స్నానం చేయించి, తడి ఒంటితో చలిగాలిలో నిలబెట్టి చూశారు. తడిసి వణికినందువల్ల వారికి జలుబులు ఎక్కువ రాలేదు. అయితే 2005లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన ఒక పరిశోధనలో, పాదాలను చల్లటి నీటిలో ఇరవై నిమిషాలు ఉంచినవారిలో కొందరికి ఆ తరువాతి నాలుగైదు రోజుల్లో జలుబు లక్షణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. ముక్కులో అప్పటికే దాగి ఉన్న వైరస్, చలివల్ల ముక్కుపొరకు రక్తప్రసారం తగ్గినప్పుడు తలెత్తి ఉండవచ్చునని ఆ పరిశోధకులు భావించారు. అంటే తడవడం మహా అయితే లోపల ఉన్న వైరస్‌కు అవకాశం ఇవ్వవచ్చును గాని, లేని వైరస్‌ను పుట్టించలేదు. తడిసిన పిల్లల తల తుడిచి పొడిబట్టలు వేయడం మంచిదే. కాని ఇంట్లో జలుబు వ్యాపించకుండా ఆపేది తుమ్మేటప్పుడు ముక్కుకు అడ్డం పెట్టుకున్న గుడ్డ, సబ్బుతో కడిగిన చేతులు, జల్లు ఆగినప్పుడు తెరిచిన కిటికీ.

పెరుగు, అరటిపండు, నిమ్మకాయ వంటివి చలువ చేసి జలుబు తెస్తాయనేది మరొక నమ్మకం. వైరస్ పెరుగులో ఉండదు. మజ్జిగ తాగితే గొంతులో ఇబ్బందిగా ఉన్నదని పిల్ల అంటే ఆ రెండు రోజులూ మానవచ్చు. లేకపోతే మాన్పించవలసిన అవసరం లేదు. మిరియాల చారు, అల్లం కషాయం, పసుపు కలిపిన పాలు గొంతుకు హాయినిస్తాయి, ఒంటికి నీరు అందిస్తాయి. అవి వైరస్‌ను చంపవు, కాని వాటివల్ల చెడు కూడా లేదు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు ఒక చెంచా తేనె దగ్గును కొంత నెమ్మదింపజేస్తుంది. ఏడాది నిండని పసివారికి మాత్రం తేనె నాకించరాదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి వారి పేగుల్లో పెరిగి నరాలను దెబ్బతీసే విషాన్ని తయారుచేయగలదు.

ఇరుకైన గదుల్లో ఆవిరి పట్టడం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆవిరి ముక్కును కాసేపు తేలికపరుస్తుందే తప్ప జలుబు రోజులను తగ్గించదు. మరిగే నీళ్ళ గిన్నెను నేల మీద పెట్టి, పిల్లను దుప్పటి కప్పి కూర్చోబెట్టినప్పుడు గిన్నె ఒరిగితే తొడలు, పొట్ట కాలిపోతాయి. పిల్లల విషయంలో దీనికి బదులు ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేయడం మేలు. ఇవి మందుల దుకాణంలో సెలైన్ చుక్కలనే పేరుతో దొరుకుతాయి.

పచ్చని చీమిడి, ఎర్రని గీత

మూడవ రోజున చీమిడి పసుపుపచ్చగా మారగానే ఆ ఇంటివారు కంగారుపడ్డారు. పచ్చగా వస్తే చీము పట్టినట్టని, దానికి యాంటీబయాటిక్ వేయాలని పక్కింటివారు చెప్పారు. మందుల దుకాణంలో మూడు మాత్రల పట్టీ ఒకటి చేతికి వచ్చింది.

చీమిడికి ఆ రంగు ఎక్కడి నుండి వస్తుందో తెలిస్తే ఈ పొరపాటు జరగదు. వైరస్‌తో పోరాడడానికి రక్తంలోని తెల్లకణాలు ముక్కుపొరలోకి వస్తాయి. వాటిలో ఆకుపచ్చ రంగు గల ఒక ఎంజైమ్ ఉంటుంది. కణాలు నశించి చీమిడిలో కలిసినప్పుడు ఆ రంగు దానికి అంటుతుంది. అది శరీరం తన పని చేస్తున్నదనడానికి గుర్తు. బాక్టీరియా చేరిందనడానికి ఆ రంగు ఒక్కటే రుజువు కాదు.

యాంటీబయాటిక్ బాక్టీరియాను మాత్రమే చంపగలదు. వైరస్ మీద దానికి పట్టు లేదు. జలుబు ఎలాగూ వారం పది రోజుల్లో తగ్గుతుంది కాబట్టి, మధ్యలో మింగిన మాత్రకే ఆ ఘనత దక్కుతుంది. మళ్ళీ జలుబు చేసినప్పుడు మళ్ళీ అదే మాత్ర వేస్తారు. ఈలోగా శరీరంలో సహజంగా ఉండే బాక్టీరియా ఆ మందుకు అలవాటుపడుతుంది. రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

మందుల పట్టీ వెనుక నిలువుగా ఒక ఎర్రని గీత ఉన్నదేమో చూడాలి. దాని అర్థం, వైద్యుని చీటీ లేకుండా ఆ మందు వాడరాదని. ఆ గీత అర్థాన్ని ప్రజలకు చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రత్యేకంగా ప్రచారం చేపట్టింది. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఏదీ చదవలేనివారికి సైతం ఆ గీత కనిపిస్తుంది.

యాంటీబయాటిక్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. జలుబు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, తగ్గుముఖం పట్టిన తరువాత మళ్ళీ జ్వరం రావడం, చెవిలో తీవ్రమైన నొప్పి, చెవి కారడం వంటివి కనిపిస్తే వైద్యుడు పరీక్షించి నిర్ణయిస్తాడు. పసిపిల్లల విషయంలో తల్లి గమనించవలసినది ఊపిరి. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో పొట్ట పైకీ కిందికీ కదలడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఏడాది నుండి ఐదేళ్ళలోపు బిడ్డకు ఆ లెక్క నలభై గాని అంతకు మించి గాని ఉన్నా, రెండు నెలల నుండి ఏడాదిలోపు బిడ్డకు యాభై గాని అంతకు మించి గాని ఉన్నా, అది మామూలు జలుబు కాదు. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోయినా అంతే. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. రెండు నెలలు నిండని పసికందుకు జ్వరం వస్తే, ఊపిరి ఎలా ఉన్నా, ఇంట్లో ఉంచకూడదు.

నాయనమ్మకు వచ్చినది ఫ్లూ

కూతురు జబ్బుపడిన రెండు రోజులకు నాయనమ్మకు జ్వరం వచ్చింది. మనుమరాలి జలుబే అంటుకున్నదని అందరూ భావించారు. కాని ఆమె జబ్బు వచ్చిన తీరు వేరు. మధ్యాహ్నం వరకు బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికల్లా ఒళ్ళు కాలిపోయింది, ఎముకలు విరిచినట్టు నొప్పులు, తలపోటు, పొడిదగ్గు, లేచి నిలబడలేని నీరసం. ముక్కు కొద్దిగానే కారింది.

జలుబు మెల్లగా మొదలై ముక్కులో ఉంటుంది. ఫ్లూ ఒక్కసారిగా వచ్చి ఒళ్ళంతా పడగొడుతుంది. ఫ్లూ అంటే ముదిరిన జలుబు కాదు. జలుబు ముదిరి ఫ్లూగా మారదు. అది ఇన్‌ఫ్లుయెంజా అనే వేరే వైరస్ తెచ్చే వేరే జబ్బు.

ఫ్లూ చలికాలపు జబ్బు అనేది మరొక అపోహ. చలిదేశాల్లో అది నిజం. కాశ్మీరంలో కూడా అది చలికాలంలోనే ప్రబలుతుంది. కాని భారతదేశంలోని చాలా ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు, ఒకసారి జనవరి నుండి మార్చి వరకు, మరొకసారి వానాకాలంలో ఫ్లూ పెరుగుతుంది. స్వైన్ ఫ్లూ అని పిలిచిన హెచ్1ఎన్1 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2009 మేలో దేశంలో మొదటి కేసు హైదరాబాదులో బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో, వానలు పడుతున్న రోజుల్లో, దేశంలో మొదటి మరణం ఇదే మహారాష్ట్రలోని పుణేలో సంభవించింది.

ఆరోగ్యవంతులైన యువకులు చాలావరకు విశ్రాంతితోనే ఫ్లూ నుండి కోలుకుంటారు. అరవై అయిదేళ్ళు దాటినవారు, ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మొదటి రోజునే వైద్యుని చూడాలి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉన్నది. లక్షణాలు మొదలైన నలభై ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే దాని ఫలితం ఎక్కువ. “మూడు రోజులు చూద్దాం” అనే అలవాటు ఇక్కడ ఆ విలువైన గడువును తినివేస్తుంది. ఈ మందును వైద్యుని చీటీపైనే వాడాలి.

నాయనమ్మ ఇంకొక ప్రమాదం అంచున ఉన్నది. జ్వరానికి లంఘనమే పరమౌషధమని ఆమె నమ్మకం. అన్నం ముట్టలేదు, కాని మధుమేహం మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నది. తిండి లేకుండా కొన్ని రకాల మధుమేహం మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పవచ్చు. అలాగని మాత్రలు తమంతట తామే మానివేసినా ప్రమాదమే, ఎందుకంటే జ్వరంలో చక్కెర పెరుగుతుంది. జావ, మెత్తని అన్నం, పప్పుకట్టు వంటివి కొద్దికొద్దిగా తీసుకుంటూ, మాత్రల మోతాదు సంగతి వైద్యుని అడగాలి. జ్వరంతో ఉన్న శరీరానికి నీరు, ఆహారం రెండూ కావాలి.

ఈ ఇంట్లో కోడలు మరునాటి ఉదయమే అత్తగారిని దవాఖానాకు తీసుకువెళ్ళింది. మందు సమయానికి అందింది. వైద్యుడు ఆమెకు ఒక హెచ్చరిక కూడా చేశాడు. నాలుగైదు రోజులకు జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ జ్వరంతో పాటు ఆయాసం గాని, ఛాతీలో నొప్పి గాని వస్తే అది న్యుమోనియా కావచ్చునని, వెంటనే రావాలని చెప్పాడు. పెదవులు నీలంగా మారడం, మనిషి మగతగా, అయోమయంగా మాట్లాడడం కూడా అటువంటి గుర్తులే.

ఫ్లూకు టీకా ఉన్నది. టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుందనే మాట నిజం కాదు. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిపాటి వెచ్చదనం ఉండవచ్చు. రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలు రాకముందే వేయించుకోవాలి. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది గనుక ప్రతి ఏటా వేయించుకోవాలి. ఈ టీకా మామూలు జలుబును ఆపదు. టీకా తరువాత తుమ్ములు వచ్చినంత మాత్రాన అది పనిచేయలేదని అనుకోరాదు.

తండ్రికి వచ్చినది జలుబూ కాదు, ఫ్లూ కూడా కాదు

మూడవ మనిషి తండ్రి. అతనికి చలితో జ్వరం వచ్చింది. తల, ఒళ్ళు నొప్పులు. ముక్కు కారలేదు, తుమ్ము లేదు, దగ్గు లేదు. అయినా ఇంట్లో ఇద్దరికి జలుబూ జ్వరమూ ఉన్నాయి కాబట్టి తనదీ అదేనని అనుకున్నాడు. కూతురికని తెచ్చి వాడకుండా మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర ఒకటి వేసుకున్నాడు. దానితో పాటు జ్వరం మాత్ర, జలుబు మాత్ర, పనికి వెళ్ళాలని ఒక నొప్పి మాత్ర కూడా వేసుకున్నాడు.

వానాకాలంలో ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. జలుబు ముక్కు జబ్బు. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా వచ్చిన జ్వరాన్ని జలుబుగా భావించరాదు. ముంబయిలో ఆ రోజుల్లో అటువంటి జ్వరానికి మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్ అనే మూడు కారణాలను ముందుగా అనుమానించాలి. మొదటి రెండూ దోమకాటు వల్ల వస్తాయి. మూడవది నిలిచిన వాననీటి వల్ల వస్తుంది.

ఎలుకల మూత్రం కలిసిన నీటిలో లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఉంటుంది. పగిలిన మడమ, చిన్న గాయం, నీటిలో నాని మెత్తబడిన చర్మం దానికి తలుపులు. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగిన తరువాత ఈ జబ్బు ముంబయిలో విజృంభించింది. నీటిలో నడిచిన తరువాత సాధారణంగా ఐదు నుండి పద్నాలుగు రోజుల్లో జ్వరం మొదలవుతుంది. అప్పటికి ఆ నీటి సంగతి మనిషి మరచిపోయి ఉంటాడు. ఈ తండ్రి కూడా తొమ్మిది రోజుల క్రితం పని నుండి వస్తూ మోకాలిలోతు నీటిలో నడిచాడు. అతని మడమలు సిమెంటుకు పగిలి ఉన్నాయి.

అతని జబ్బులో రెండు గుర్తులు ప్రత్యేకం. పిక్కలు ముట్టుకుంటే ఓర్వలేనంత నొప్పి. కళ్ళు ఎర్రబడ్డాయి గాని పుసి లేదు. మూడవ రోజున మూత్రం తగ్గి రంగు ముదిరినప్పుడు భార్య పట్టుబట్టి మునిసిపల్ ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “ఈ రెండు వారాల్లో నీటిలో నడిచారా?” అనేదే. మలేరియాకు, డెంగీకి, లెప్టోకు, మూత్రపిండాల పనితీరుకు రక్తపరీక్షలు చేశారు. లెప్టో పరీక్ష మొదటి రోజుల్లో పట్టివ్వకపోవచ్చు కాబట్టి, ఫలితం కోసం ఎదురుచూడకుండా అనుమానం మీదనే చికిత్స మొదలుపెట్టారు. ఆ చికిత్స యాంటీబయాటిక్. కూతురి జలుబుకు ఎందుకూ పనికిరాని ఆ మందుల జాతియే తండ్రి జబ్బుకు ప్రాణాధారం. కాని అది సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన రోజుల పాటు అయి ఉండాలి. ఇంట్లో మిగిలిన ఒక మాత్ర చికిత్స కాదు. అతడు వారం రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు.

అతడు వేసుకున్న మిగతా మాత్రల సంగతి కూడా చూడాలి. జ్వరం మాత్ర పారాసిటమాల్. దుకాణంలో దొరికే అనేక జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకుంటే తెలియకుండానే రెట్టింపు మోతాదు చేరి కాలేయం దెబ్బతినవచ్చు. పెద్దవారు ఒకసారికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి చొప్పున, కనీసం నాలుగు నుండి ఆరు గంటల ఎడంతో వాడవచ్చు. కాలేయం జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు. ఇక నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. కొన్ని మూత్రపిండాల మీద భారం వేస్తాయి. జ్వరం ఏమిటో తేలే వరకు నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు రెండూ వద్దు. గుండెజబ్బుకు వైద్యుడు రోజూ రాసిన ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రం దానిని తమంతట తాము మానకుండా, వెంటనే ఆ వైద్యుని సలహా తీసుకోవాలి.

డెంగీ విషయంలో మరొక అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది. జ్వరం తగ్గితే జబ్బు పోయిందని అనుకుంటారు. డెంగీలో ప్రమాదం తరచు జ్వరం దిగిన తరువాతనే, అంటే మూడు నుండి ఏడు రోజుల మధ్య మొదలవుతుంది. ఆగని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మగత, చేతులు కాళ్ళు చల్లబడడం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి.

వైద్యునితో ఏమని చెప్పాలి

తెలుగు మాట్లాడేవారికి ఈ నగరంలో మరొక ఇబ్బంది ఉన్నది. జ్వరంతో వచ్చిన మనిషి అలవాటుకొద్దీ “సర్దీ” అంటే, వైద్యుడు దానిని ముక్కు కారే జలుబుగానే అర్థం చేసుకుంటాడు. వరుస పొడుగ్గా ఉన్న రోజున ఆ ఒక్క మాట జబ్బు దారి మళ్ళించగలదు. కొన్ని మరాఠీ మాటలు తెలిసి ఉండడం మేలు. జ్వరాన్ని “తాప్” అంటారు. అది తెలుగులోని తాపం కాదు. దగ్గును “ఖోకలా” అంటారు. వణుకుతో వచ్చే చలిజ్వరాన్ని “థండీ వాజూన్ తాప్” అంటారు. ఒళ్ళునొప్పులు “అంగదుఖీ”. పిక్క “పోటరీ”. ముక్కు కారనప్పుడు “సర్దీ నాహీ” అని స్పష్టంగా చెప్పాలి. వైద్యునికి ఆ రెండు మాటలు ఎంతో ఉపయోగపడతాయి.

వీటితో పాటు నాలుగు సంగతులు చెప్పాలి. జ్వరం ఏ రోజున మొదలైంది, ముక్కు కారడం, దగ్గు ఉన్నాయా లేవా, గత నెలలో నిలిచిన నీటిలో నడిచారా, ఇప్పటివరకు ఏయే మాత్రలు వేసుకున్నారు. మాత్రల పేర్లు తెలియకపోతే ఖాళీ పట్టీలనే తీసుకువెళ్ళి చూపాలి. ఊరికి వెళ్ళి వచ్చి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి.

వాననీటిలో నడవక తప్పనివారు, ముఖ్యంగా కాళ్ళకు పగుళ్ళు, గాయాలు ఉన్నవారు, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్ళు కడిగి తుడుచుకోవాలి. జ్వరం వచ్చే వరకు ఆగకుండా మూడు రోజుల్లోపు, అంటే డెబ్బై రెండు గంటల్లోపు, దగ్గరలోని మునిసిపల్ దవాఖానాకు వెళ్ళి చెప్పాలి. అవసరమైతే లెప్టో రాకుండా ముందుగా ఇచ్చే మందును వైద్యుడు రాస్తాడు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ మందు వేరుగా ఉంటుంది కాబట్టి ఒకరికి ఇచ్చిన మాత్రలను మరొకరు పంచుకోరాదు.

ఒకే గదిలో, ఒకే వారంలో, ఒకే వాన కింద జబ్బుపడినంత మాత్రాన ముగ్గురిదీ ఒకే జబ్బు కానక్కరలేదు. ముక్కు కారుతూ, పిల్ల ఆడుకుంటూ ఉంటే ఇంట్లో కనిపెట్టి ఉండవచ్చు. ఒక్కసారిగా పడగొట్టిన జ్వరం ముసలివారికి, పసివారికి, గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి వస్తే ఆ రోజే వైద్యుని చూడాలి. ముక్కు కారకుండా జ్వరం వస్తే, వయసు ఏదైనా, రక్తపరీక్ష చేయించుకోవాలి.